'లెఫ్ట్' అంటే ఎడమ చెయ్యి: మాతృభాషలో చదువు, కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక సర్కారు బడిలో ఒకటి, రెండు తరగతులకు చెప్తాను. 2022-23 నుంచి మాది ఇంగ్లిష్ మీడియం. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. పేరెంట్స్ మీటింగ్ పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "టీచర్, ఆ తెలుగు పేజీ ఎందుకు? ఇంట్లో మాట్లాడేదే కదా?"

అపోహ: ఇంగ్లిష్ గడగడా చదువుతోందంటే వచ్చేసినట్టే.

రెండో తరగతి పాప ఒకతి లెక్క చదివింది. 12 మామిడిపళ్లు ఉన్నాయి, 5 తినేశారు, "హౌ మెనీ ఆర్ లెఫ్ట్?" ఎక్కడా తడబడలేదు. జవాబు 17 అంది. "లెఫ్ట్ అంటే ఏంటమ్మా?" అని అడిగితే ఎడమ చెయ్యి పైకెత్తింది.

అదే లెక్క తెలుగులో చెప్పాను. "మామయ్య 12 పళ్లు తెచ్చాడు. మీరు 5 తినేశారు. ఎన్ని మిగిలాయి?" వేళ్లు మడిచి, "ఏడు" అంది. అంటే ఆ పిల్లకు తీసివేత వచ్చు. రానిది ఒక్క మాట. రెండంకెలు కనిపించాయి, ఏం చేయాలో తెలియలేదు, కలిపేసింది. పరీక్ష పేపర్ మాత్రమే దిద్ది ఉంటే 'తీసివేతలో వెనకబడింది' అని రాసేసేదాన్ని. అలా ఎంతమందికి రాశానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు చింతగింజలు తెచ్చాను. 10 గింజలు పరిచి, ఒక పిల్లాడితో 4 తీయించాను. ముందు "ఎన్ని మిగిలాయి?", వెంటనే "హౌ మెనీ ఆర్ లెఫ్ట్?" ఒక వారం పాటు ఇదంతా నోటితోనే. ఆ తర్వాతే ఆ వాక్యం బోర్డు మీదికి వచ్చింది. తెలిసిన విషయానికి కొత్త మాట తగిలించడం తేలిక. విషయం, మాట రెండూ కొత్తవైతే పిల్లలు బట్టీలోకి జారుకుంటారు.

మీ ఇంట్లో చూసుకోవాలంటే ఒక పని చేయండి. పాఠం చదివించి పుస్తకం మూసేసి, "ఏం జరిగిందో మన మాటల్లో చెప్పు" అనండి.

అపోహ: తెలుగుకు ఇచ్చిన గంట ఇంగ్లిష్‌కు నష్టం.

జిమ్ కమ్మిన్స్ అనే భాషావేత్త 1979లోనే దీని గురించి రాశాడు. ఒక భాషలో బాగా కుదిరిన చదువు రెండో భాషకు పనికొస్తుందని ఆయన వాదన. తరగతిలో నాకూ అదే కనిపిస్తుంది. గీతల వెనక మాట ఉంటుందని, కథలో ముందేదో జరిగి తర్వాత ఇంకేదో జరుగుతుందని, తీసివేత అంటే తగ్గడమని ఒకసారి తెలిస్తే చాలు, మళ్లీ నేర్పక్కర్లేదు.

అయితే అన్నీ వాటంతటవే రావు. ఈ మాట మాతృభాష కోసం వాదించే మావాళ్లే ఒక్కోసారి దాటేస్తారు. తెలుగులో 'క' అంటే అందులో అచ్చు కలిసే ఉంటుంది, అందుకే మన పిల్లల చెవి గుణింతాల లెక్కన వింటుంది. బస్ అనే మాటను మూడు ధ్వనులుగా విడగొట్టమంటే 'బ, స్సు' అంటారు. పైగా ఇంగ్లిష్‌లో 'ఏ' అనే ఒక్క అక్షరమే క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, బాల్‌లో ఇంకోలా పలుకుతుంది. దీనికి తెలుగు సాయం రాదు, విడిగా కూర్చోబెట్టి నేర్పాల్సిందే. కాబట్టి ఇంగ్లిష్ మాటలు మొదటి రోజు నుంచే వినిపించాలి. చదవడం, రాయడం మాత్రం కాస్త ఆగి మొదలుపెట్టినా నష్టం లేదు.

అపోహ: మాతృభాషలో చదువంటే ఇంగ్లిష్ వద్దనడం.

కాదు. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోట్ల కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది, ఇంగ్లిష్ మానేయమనలేదు.

అపోహ: మాతృభాష అంటే తెలుగే.

నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే. నా క్లాసులో ఉర్దూ, లంబాడీ, మరాఠీ, ఒడియా ఇళ్ల పిల్లలున్నారు. లంబాడీ ఇంటి పిల్లాడికి నా తెలుగు పేజీ కూడా పరాయిదే. ఒకడు మూడు నెలలు నోరు విప్పకపోతే మందబుద్ధి అనుకున్నాను. గ్రౌండ్‌లో వాళ్ల అక్కతో వాడు గలగలా మాట్లాడుతుంటే చూసి నోరెళ్లబెట్టాను.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసి, ఆ భాష వచ్చిన టీచర్లతో చెప్పించారు. ఊరంతా ఒకే భాష ఉన్న చోట అది కుదురుతుంది. నగరంలో ఒకే గదిలో ఐదు భాషలుంటే కుదరదు. నేను చేసేదల్లా ఒకే ఇంటి భాష ఉన్న ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టడం. తెలుగు వచ్చినవాడు రెండోవాడికి చెప్తాడు, ఆ గుసగుసలకు నేను "సైలెన్స్!" అనను. వాడు సరిగ్గా చెప్పాడో లేదో నాకు అర్థం కాదు. అందుకే చివర్లో ఇద్దరికీ చెరో గుప్పెడు గింజలిచ్చి, లెక్క చేసి చూపించమంటాను.