చుక్క కదులుతోంది, గీత పడటం లేదు

“టాబ్లెట్ పెన్ను రాయడం మానేసింది. ఛార్జింగ్ పెట్టాను, బ్లూటూత్‌లో తీసేసి మళ్లీ జత చేశాను, లాభం లేదు. అద్దానికి దగ్గరగా తెస్తే మాత్రం తెర మీద చిన్న చుక్క కనిపించి పెన్నుతోపాటే కదులుతోంది. లోపం పెన్నుదా, తెరదా?” అని ఒక పాఠకురాలు అడిగారు. ఆమె వాడేది సామ్‌సంగ్ టాబ్లెట్లతో వచ్చే ఎస్ పెన్ రకానిది. ఆ చుక్కను గమనించి రాయడం వల్ల నా పని సగం తేలికైంది. దాని అర్థం తెలిస్తే ఛార్జింగ్‌నీ జత చేయడాన్నీ అనుమానించే అవసరమే ఉండదు.

ఈ రకం పెన్నుకు రాయడానికి బ్యాటరీ అక్కర్లేదు. లోపల ఒక రాగితీగ చుట్ట, దానికి తోడు ఒక కెపాసిటర్ ఉంటాయి. తెర వెనక డిజిటైజర్ అనే పలచటి పలకలో అడ్డంగా, నిలువుగా తీగ వలయాలు పరిచి ఉంటాయి. ఈ వలయాలు సెకనుకు సుమారు ఐదు లక్షల సార్లు ఊగే అయస్కాంత క్షేత్రాన్ని కాసేపు పంపి, ఆపి, వినడం మొదలుపెడతాయి. ఉయ్యాలను ఊపినట్టే ఇది. సరైన లయలో చిన్న చిన్న తోపులు ఇస్తే ఉయ్యాల పెద్దగా ఊగుతుంది, మనం చేయి తీసేసినా కొంతసేపు ఊగుతూనే ఉంటుంది. పెన్నులోని చుట్ట కూడా పలక పంపిన శక్తితో ఊగి, పలక ఆగాక ఆ ఊపును తిరిగి పలకకే వినిపిస్తుంది. ఏ వలయానికి ఎక్కువ బలంగా, పక్క వలయాలకు ఎంత బలంగా వినిపించిందో పోల్చి మొన స్థానాన్ని లెక్కగడతారు. పెన్ను అద్దాన్ని తాకకుండానే చుక్క కనిపించేది అందుకే.

మరి నొక్కినట్టు ఎలా తెలుస్తుంది? తాడు పొడవు మారితే ఉయ్యాల లయ మారుతుంది కదా. మొన అద్దానికి ఆనినప్పుడు వెనక్కి జరిగి, లోపలి భాగాన్ని వెంట్రుకవాసి కదిలిస్తుంది. దాంతో చుట్ట విద్యుత్ గుణం కాస్త మారుతుంది, అంటే తాడు పొడవు మారినట్టే. ఊపు కొద్దిగా ముందుగానో ఆలస్యంగానో వస్తుంది, పలక ఆ తేడాను ఒత్తిడిగా చదువుతుంది. పక్కన ఉండే మీట నొక్కితే లయ ఇంకో నిర్ణీత మెట్టుకు మారుతుంది. ఎక్కడ ఉంది, ఎంత నొక్కారు, మీట నొక్కారా అనే మూడు వార్తలూ ఒక్క ఊపులోనే వస్తున్నాయి! లయ కలిసినప్పుడు ఇలా ఊపు పెరగడమే అనునాదం. బడిలో అనునాదం అనగానే శ్రుతిదండంతో పాఠం ముగించేస్తారు. పిల్లల చేతుల్లో ఉన్న ఈ పెన్నును చూపించి చెబితే ఆ పాఠం ఇంకెంత బాగుంటుందో.

ఇక ఆమె పెన్ను సంగతి. చుక్క కదులుతోందంటే ఆ తెర ఊపుతోంది, పెన్ను ఊగుతోంది, తెర వింటోంది. లయ మార్పు మాత్రం రావడం లేదు. బ్లూటూత్ జత, ఛార్జీ ఈ పెన్నులో దూరం నుంచి మీటతో ఫోటో తీయడం వంటి అదనపు పనులకే. కాబట్టి చూడాల్సింది మొన. ఆమెను పెన్ను నిటారుగా పట్టుకుని ఒక గీత, బాగా వాల్చి మరో గీత గీయమన్నాను. నిటారుగా గీస్తే అక్కడక్కడా పడింది, వాల్చితే అసలు పడలేదు. అరిగి పొట్టిదైన మొనకు ఇది గట్టి గుర్తు. వాల్చినప్పుడు మొనకన్నా ముందు పెన్ను ఒంటి అంచు అద్దానికి తగులుతుంది, మొన మీద బరువు పడదు. పెన్నుతో వచ్చిన పట్టుకారుతో పాతది లాగి, కొత్తది తిన్నగా లోపలికంటా నెట్టాక గీత మామూలుగా పడింది. సగం దూరం వెళ్లి ఆగిన కొత్త మొన కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. పెన్నును బల్లకేసి కొడితే బాగవుతుందనే నమ్మకం ఒకటుంది, దయచేసి అలా చేయకండి. వెంట్రుకవాసి కదలికను కొలిచే భాగం మీదే ఆ దెబ్బ పడుతుంది.

దీనికి తిరగబడిన లక్షణం ఒకటుంది: పెన్ను ఎత్తినా గీత పడుతూనే ఉండటం. మొన లోపల ఇరుక్కుంటే ఇలా జరుగుతుంది. మొన తీసేసి పెన్నును అద్దానికి దగ్గరగా తెండి. అప్పుడూ గీత పడితే ఒత్తిడి భాగమే చెడింది.

బ్యాటరీ ఉన్న పెన్నుల కథ వేరు. సర్ఫేస్ పెన్, ఆపిల్ పెన్సిల్ లాంటివి మొన నుంచి తామే విద్యుత్ సంకేతం పంపుతాయి. వేలిని గుర్తించే పొరే దాన్ని వింటుంది. ఇక్కడ చుక్క కూడా కనిపించకపోతే మొదట బ్యాటరీనే చూడాలి. సర్ఫేస్ పెన్నుల్లో చాలావాటిలో సన్నని ఏఏఏఏ సెల్ ఉంటుంది, దాన్ని మార్చి చూడటం సులువు. ఛార్జ్ చేసే పెన్నును నెలల తరబడి వాడకుండా వదిలేస్తే లిథియం సెల్ పూర్తిగా అడుగంటి, మళ్లీ ఛార్జింగే తీసుకోకపోవచ్చు. ఆపిల్ పెన్సిల్ మొన మరతో బిగిసి ఉంటుంది, అది వదులైనా రాత ఆగుతుంది. దాన్ని వేళ్లతో బిగిస్తే చాలు. ఇంకో మాట, తాకకుండా చుక్క చూపించడం కొత్త ఐప్యాడ్లలో కొన్నింటికే ఉంది. మిగతావాటిలో చుక్క లేకపోతే లోపమని అనుకోకూడదు.

జత చేయడంలోనూ తేడా ఉంది. ఆపిల్ పెన్సిల్‌ను జత చేయకపోతే రాయదు, అక్కడ బ్లూటూత్‌లో తొలగించి మళ్లీ జత చేయడం అర్థవంతమైన పరీక్ష. సర్ఫేస్ పెన్నులో మాత్రం జత పై మీట కోసమే, రాతతో సంబంధం లేదు. ఇంకా ముఖ్యమైనది, ఒక రకం పెన్ను సంకేతం మరో రకం తెరకు అర్థం కాదు. బ్లూటూత్‌లో జత అయినట్టు కనిపించినా రాయని పెన్ను చాలాసార్లు ఆ తెర కోసం చేసింది కాదు.

తెరను అనుమానించే ముందు ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా, నెమ్మదిగా, దగ్గర దగ్గరగా గీతలు నింపండి. తెగుతున్న చోటు ప్రతిసారీ మారుతుంటే లోపం చాలావరకు పెన్నుదే. ప్రతి గీతా ఒకే చోట తెగుతుంటే టాబ్లెట్‌ను తలకిందులుగా తిప్పి, బొమ్మ కూడా తిరిగాక మళ్లీ గీయండి. తెగేచోటు అద్దంతోపాటు కదిలితే లోపం పలకది. బొమ్మతోపాటు కదిలితే అది ఆప్ లేదా సెట్టింగ్ పని, ఎందుకంటే తెర అంచులను సైగలకు కేటాయించే సెట్టింగులు రాతను మింగుతాయి. ఎక్కడా గీత పడకపోతే ఆప్‌లో ఒత్తిడి అమరిక మరీ గట్టిగా ఉందేమో, పెన్ను సాధనానికి బదులు ఎంపిక సాధనం ఉందేమో చూసి, వేరే ఆప్‌లో రాసి పోల్చండి.

పలకదే అని తేలినా, కవరు తీసి మరోసారి గీయండి. కవరును మూసి ఉంచే అయస్కాంతాలు పెన్ను చుట్టలో ఉండే ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థాన్నీ, పలక వెనక ఉండే అయస్కాంత పొరనూ ప్రభావితం చేసి ఉయ్యాల లయనే చెడగొడతాయి. గీత వంగడం, తెగడం సరిగ్గా ఆ అయస్కాంతం ఎదుటే కనిపిస్తుంది. ఛార్జర్ కూడా పీకి చూడండి. సరిగా వడకట్టని ఛార్జర్ల విద్యుత్ రొద, ముఖ్యంగా బ్యాటరీ పెన్నుల గీతను వణికిస్తుంది. ఇవన్నీ తీశాక కూడా అదే చోట తెగితే మరమ్మతే మిగులుతుంది. బ్యాటరీ పెన్నుల తెరల్లో వినే పొర అద్దంతో అతుక్కుని ఉంటుంది కాబట్టి చాలావరకు తెర మొత్తం మార్చాల్సిందే. ఎస్ పెన్ రకంలో పలక విడిగా తెర వెనక ఉంటుంది కాబట్టి, అది ఒక్కటే మార్చగలరా అని మరమ్మతు చేసేవారిని ముందే అడగడం మంచిది.