కారం తింటే ఆయుష్షు పెరుగుతుందని ఆయన నిజంగా అన్నారా?

మా బావకి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. పోయిన నెల విజయవాడ నుంచి కారులో వస్తూ ఒక పాడ్‌కాస్ట్ విన్నారు. మిరపకాయ మీద ఒక శాస్త్రవేత్తతో ముప్పావుగంట ఇంటర్వ్యూ అది. ఇంటికి రాగానే, "కారం తినేవాళ్లకి ఆయుష్షు 14 శాతం ఎక్కువంట, సైంటిస్టే చెప్పాడు. నువ్వు దాన్ని ఒక పేజీలో రాసిపెట్టు, కొట్టుకొచ్చే రైతులకి చదివి వినిపిస్తాను" అన్నారు.

రైతులకి వినిపించేది కాబట్టి జాగ్రత్తగా రాయాలనుకున్నాను. నోటుబుక్కులో పేజీ మధ్యన గీత గీశాను. ఎడమ పక్కన ఆయన అన్న మాట, ఏ నిమిషంలో అన్నారో. కుడి పక్కన ఆ మాటకి ఆయన ఆ ఇంటర్వ్యూలోనే చూపిన ఆధారం. నాకు వేరేచోట తెలిసింది ఏదీ కుడి పక్కన రాయకూడదని ముందే అనుకున్నాను. రాస్తే, నేను చదివింది కూడా ఆయనే చూపించారని చదివేవాళ్లు నమ్ముతారు.

మొదటి మాట తేలిగ్గానే తెమిలింది. మిరప మంట నిజమైన వేడి కాదు, మిరపకి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం వేడిని పసిగట్టే నాడులనే తట్టిలేపుతుంది అన్నారాయన. అని ఊరుకోలేదు, అది ఎలా తెలిసిందో చెప్పారు. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం ఎలుక నాడీకణాల్లోని జన్యువుల ప్రతులను గుంపులుగా విడదీసి, మిరప ఘాటుకి అసలు స్పందించని కణాల్లోకి ఎక్కించింది. వాటి మీద క్యాప్సైసిన్ వేసి, ఏ గుంపులో కాల్షియం పెరిగి కణాలు మెరుస్తాయో చూసింది. మెరిసిన గుంపును మళ్లీ మళ్లీ విడదీస్తూ పోతే చివరికి ఒకే ఒక్క జన్యువు మిగిలింది. దాని నుంచి తయారయ్యే ప్రోటీను సుమారు 43 డిగ్రీల వేడికి కూడా తెరుచుకుంటుంది. ఈ పరిశోధనకే 2021లో నోబెల్ వచ్చింది. నా పేజీలో కుడి పక్క నిండిపోయింది.

రెండోది బావ పట్టుకొచ్చిన మాట. దీన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. శాస్త్రవేత్త అన్నది ఇది: చైనాలో దాదాపు 5 లక్షల మందిని ఏడేళ్ల పాటు గమనిస్తే, దాదాపు రోజూ కారం తినేవాళ్లలో మరణ ముప్పు 14 శాతం తక్కువగా కనిపించింది. వెంటనే యాంకర్ అందుకుని, "అంటే ఆయుష్షు 14 శాతం పెరుగుతుందన్నమాట!" అన్నాడు. శాస్త్రవేత్త నవ్వి వేరే విషయంలోకి వెళ్లిపోయారు. బావ మనసులో మిగిలింది యాంకర్ మాట. అందుకే ఎడమ పక్కన ఎవరి మాట అన్నది కూడా రాసుకోవాలి. నవ్వుని ఒప్పుకోలుగా రాయకూడదు.

ఆ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. వయసు, అలవాట్లు ఒకేలా ఉన్న రెండు గుంపుల్లో, కారం అరుదుగా తినేవాళ్లు 100 మంది పోయిన కాలంలో రెండో గుంపులో 86 మంది పోయారన్నట్టు. అంతేగానీ, 70 ఏళ్లు బతికేవాడు 80 ఏళ్లు బతుకుతాడని కాదు. పైగా "గమనించాం" అన్నారే గానీ, కొందరికి కారం పెట్టి కొందరికి మానిపించి చూశామనలేదు. కారం తినేవాళ్లలో వేరే అలవాటేదో మేలు చేసి ఉండొచ్చు. కాబట్టి కుడి పక్కన "సంబంధం కనిపించింది, కారణమని తేల్చలేదు" అని రాశాను.

తర్వాత ఆ అధ్యయనం తీసి చదివాను. 2015లో వచ్చింది. అందులో వారానికి మూడు నుంచి ఐదు రోజులు తిన్నవాళ్లకీ, ఆరేడు రోజులు తిన్నవాళ్లకీ అదే 14 శాతం. ఎక్కువ రోజులు తింటే ఇంకా మేలని అంకెలు చెప్పడం లేదు. రైతులకి ఇది తెలియాలి, కానీ ఆయన ఇంటర్వ్యూలో చెప్పలేదు. అందుకే పేజీ కింద విడిగా, "ఇది నేను చదివింది" అని రాసి చేర్చాను.

మూడోది, కారం బరువు తగ్గిస్తుందన్న మాట. 38వ నిమిషంలో "చాలా అధ్యయనాలున్నాయి" అన్నారు. ఎవరు చేశారో, ఎంతమంది మీదో, మనుషుల మీదో ఎలుకల మీదో చెప్పలేదు. కుడి పక్క ఖాళీగా వదిలేశాను. ఖాళీ అంటే మాట అబద్ధమని కాదు. ముప్పావుగంటలో అన్నీ చెప్పడం ఎవరికైనా కష్టమే. పేజీలో మాత్రం, "బరువు తగ్గుతుందన్నారు, ఆధారం చెప్పలేదు" అన్న ఒక్క వాక్యమే రాశాను.

బావ పేజీ చదివి అక్కడే ఆగారు. "చెప్పాడురా, నాకు బాగా గుర్తుంది" అన్నారు. 38వ నిమిషం పెట్టి ఫోన్ చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నారు. "అవును, అంతే అన్నాడు" అని పేజీ మడిచి జేబులో పెట్టుకున్నారు.