నారింజ రంగు నెగటివ్‌లో దాగిన పెళ్లి ఫోటో

పాత ఆల్బంలో అతికించిన ప్రింటు కన్నా దాని నెగటివ్‌లోనే ఎక్కువ వివరం ఉంటుంది. ఫ్లాష్ వెలుగు పడి ప్రింటులో పెళ్లికొడుకు పంచె తెల్లటి మచ్చలా మిగిలినా, ఆ పంచె మడతలు నెగటివ్‌లో చాలావరకు పదిలంగానే ఉంటాయి. ఆ కాలంలో ప్రింటు కాగితం అంత తేడాను పట్టుకోలేక వదిలేసింది, అంతే. అందుకే ఆల్బం పేజీలను ఫోన్‌తో ఫోటో తీసేముందు, స్టూడియో కవరులో నెగటివ్ స్ట్రిప్పులు ఉన్నాయేమో చూడాలి. ఉంటే వాటినుంచే పని మొదలుపెట్టాలి.

ఇంట్లో ఈ పనికి నాలుగు దారులున్నాయి. మొదటిది, తెల్లటి వెలుగు మీద స్ట్రిప్పు పెట్టి ఫోన్‌తో తీయడం. ఏ స్ట్రిప్పులో ఏ ఫోటో ఉందో గుర్తుపట్టడానికి ఇది చాలు, దాచుకునే కాపీకి చాలదు. రెండోది, చిన్న పెట్టెలా ఉండే చవక ఫిల్మ్ స్కానర్. దానిలోపల ఉండేది చిన్న కెమెరా సెన్సరే. ఎక్స్‌పోజర్‌ను, రంగును తనకు తోచినట్టు నిర్ణయించి జేపెగ్ చేతికిస్తుంది. తెలుపులు ఎగిరిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. డబ్బా మీద రాసే మెగాపిక్సెళ్లలో కొన్ని సాఫ్ట్‌వేర్ సాగదీసినవే కావచ్చు.

మూడోది, మూతలో లైటు ఉండే ఫ్లాట్‌బెడ్ స్కానర్. దీని ప్రకటనలో అంగుళానికి 6400 పిక్సెళ్లు అని కనిపిస్తుంది. ఫైలు నిజంగానే అంత పెద్దదిగా వస్తుంది, కానీ వివరం మాత్రం మోడల్‌ను బట్టి సుమారు 1500 నుంచి 2300 దగ్గరే ఆగిపోతుంది. 35 ఎం.ఎం. ఫ్రేమ్ వెడల్పు 36 ఎం.ఎం., అంటే అంగుళంన్నర కూడా లేదు. 1500 లెక్కన అది 2100 పిక్సెళ్ల వెడల్పు, మొత్తం 3 మెగాపిక్సెళ్లు. ఏడంగుళాల ప్రింటుకు అది సరిపోతుంది, గోడకు తగిలించే సైజుకు సరిపోదు. అయితే పాత స్టూడియోలు గ్రూప్ ఫోటోలకు వాడిన 120 ఫిల్మ్ మీ దగ్గరుంటే ఇదే స్కానర్ చక్కగా పనికొస్తుంది. ఆ ఫ్రేమ్ 56 ఎం.ఎం. చదరం కాబట్టి అదే 1500 లెక్కకు 10 మెగాపిక్సెళ్లు దాటుతుంది.

నాలుగోది, చేతిలో ఉన్న డిజిటల్ కెమెరాతోనే నెగటివ్‌ను ఫోటో తీయడం. కొంచెం అమరిక కావాలి. ఒకసారి కుదిరితే మాత్రం ఒక రోలు అరగంటలో అయిపోతుంది, నాణ్యతా మిగతా మూడింటికన్నా మేలు. కలర్ నెగటివ్ విషయంలో ఈ దారినే వివరంగా చూద్దాం.

లెన్స్ సంగతి ముందు. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ కెమెరాలో సెన్సర్ వెడల్పు సుమారు 23.5 ఎం.ఎం. 36 ఎం.ఎం. ఫ్రేమ్‌ను అందులో ఇమడ్చాలంటే బొమ్మ 0.6 రెట్ల సైజులో పడాలి. మాక్రో లెన్స్ ఉంటే ఇబ్బందే లేదు. లేకపోతే 50 ఎం.ఎం. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య 30 ఎం.ఎం. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు పెట్టాలి. ట్యూబు పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే బొమ్మ ఎన్ని రెట్ల సైజులో పడుతుందనే లెక్క: 30ని 50తో భాగిస్తే 0.6. అప్పుడు ఫ్రేమ్ సుమారు 5500 పిక్సెళ్ల వెడల్పు తీసుకుంటుంది, చుట్టూ కాస్త ఫిల్మ్ అంచు కూడా కనిపిస్తుంది. ఆ అంచును కోసేయకండి, రంగు సరిచేసేటప్పుడు దానితో చాలా పనుంది.

వెలుగుకు, రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ కొలత 95 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఎల్‌ఈడీ ప్యానెల్ కావాలి. సీఆర్ఐ తక్కువైతే వెలుగులో కొన్ని రంగులు కొరవడతాయి, ముఖ్యంగా ఎరుపు. వెలుగులో లేని రంగును తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పుట్టించలేం. ఫిల్మ్‌ను నేరుగా ప్యానెల్ మీద పెట్టకుండా కనీసం ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి లేపి హోల్డర్‌లో పెట్టాలి, లేకపోతే ప్యానెల్ మీది దుమ్ము కూడా ఫోకస్‌లోకి వస్తుంది. హోల్డర్ చుట్టూ బయటికొచ్చే వెలుగును నల్ల అట్టతో కప్పండి. గదిలో లైట్లు ఆర్పేయండి. ఫిల్మ్ పైన పడే ఆ కాస్త ప్రతిబింబమే నెగటివ్‌లోని నలుపును బూడిదగా మారుస్తుంది.

కెమెరా కిందికి చూసేలా స్టాండుకు బిగించాక, అది ఫిల్మ్‌కు సరిగ్గా సమాంతరంగా ఉందా అని చూడాలి. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. ఫిల్మ్ పెట్టే చోట చిన్న అద్దం ముక్క పెట్టి, కెమెరా స్క్రీన్‌లో చూడండి. అద్దంలో లెన్స్ ముందు వలయం కనబడుతుంది. ఆ వలయం ఫ్రేమ్ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా కెమెరాను కదపండి. మధ్యకు వస్తే సమాంతరం కుదిరినట్టే. రెండు నిమిషాల పని, కానీ ఇది చేయనివాళ్ల ఫోటోల్లో ఒక పక్క ముఖాలు స్పష్టంగా, ఇంకో పక్క ముఖాలు మసకగా వస్తాయి.

ఫిల్మ్‌కు రెండు వైపులుంటాయి. నిగనిగలాడేది బేస్, కాస్త మెరుపు తగ్గి కనిపించేది బొమ్మ ఉండే పొర, ఎమల్షన్. అంచున ఉన్న అక్షరాలు సరిగ్గా చదవగలిగితే బేస్ మీ వైపు ఉన్నట్టు. స్ట్రిప్పును అంచులు పట్టుకునే ఎత్తాలి. రబ్బరు బ్లోయర్‌తో రెండు వైపులా ఊదాలి, నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. ఇక్కడ కనిపించని ఒక నూలుపోగు స్క్రీన్ మీద వధువు బుగ్గన తెల్లటి గీతై కూర్చుంటుంది. ఊదడానికి పది సెకన్లు పడితే, దాన్ని తర్వాత చెరిపేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

కెమెరాలో రా ఫైలు, ఐఎస్ఓ 100, ఎఫ్/8, మాన్యువల్ ఫోకస్, మాన్యువల్ ఎక్స్‌పోజర్. ఎఫ్/16 దాకా పోతే అంతా స్పష్టంగా వస్తుందనుకోవడం పొరపాటు. ఇంత దగ్గర నుంచి తీసేటప్పుడు కాంతి వంగే గుణం వల్ల మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. ఫోకస్‌ను ముఖం మీద కాదు, ఫిల్మ్ రేణువుల మీద చేయాలి. ముఖం అప్పట్లోనే ఫోకస్ తప్పి ఉండవచ్చు, రేణువులు మాత్రం ఎప్పుడూ ఫిల్మ్ మీదే ఉంటాయి. స్క్రీన్‌ను పెద్దది చేసి ఇసుక పోసినట్టు రేణువులు విడివిడిగా కనిపించేదాకా తిప్పండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి, చేయి తీసేసి తీయండి.

మొదటి ఫోటో తీయగానే నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడాలి. మధ్యలో రేణువులు స్పష్టంగా ఉండి అన్ని అంచుల్లోనూ కరిగిపోతే ఫిల్మ్ వంగి ఉందని అర్థం. స్ట్రిప్పును కవర్లో పెట్టి బరువైన పుస్తకాల కింద రెండు మూడు రోజులు ఉంచాలి. ఒక పక్కే కరిగితే అద్దం పరీక్ష మళ్లీ చేయాలి. అంతటా కరిగితే ఫోకస్ తప్పింది, లేదా టేబుల్ కదిలింది. ఎల్‌ఈడీ వెలుగులో అడ్డచారలు కనిపిస్తే షట్టర్ వేగం ఎక్కువైంది, సెకనులో 1/30 వంతు కన్నా నెమ్మదిగా పెట్టండి.

ఎక్స్‌పోజర్ ఎంత ఉండాలి? నెగటివ్‌లో అన్నిటికన్నా వెలుగైన చోటు ఏ ఫోటో పడని ఖాళీ నారింజ అంచు. ఫోటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత ఉందో ఎడమ నుంచి కుడికి గీసి చూపే హిస్టోగ్రామ్‌లో అది కుడి అంచుకు దగ్గరగా చేరాలి, తగలకూడదు. మూడు రంగుల హిస్టోగ్రామ్ ఉంటే ముందుగా అంచుకు చేరేది ఎరుపే, దాన్నే కనిపెట్టుకోండి. ఒకసారి కుదిరాక ఆ రోలంతా అదే ఎక్స్‌పోజర్‌తో తీయండి.

ఇక అసలు చిక్కు రంగు. ఫైలులోని వెలుగునీడలను ఊరికే తారుమారు చేస్తే బొమ్మంతా నీలంగా, పేలవంగా వస్తుంది. నీలం రావడానికి కారణం ఆ నారింజ పొర. ఫిల్మ్‌లోని మెజెంటా, సయాన్ డైలు ఆపాల్సిన రంగుతో పాటు పక్క రంగులను కూడా కొంత ఆపుతాయి. ఆ తప్పు ప్రింటులో తేలకుండా తయారీదారులు ఎమల్షన్‌లోనే నారింజ మాస్క్ కలిపారు. పేలవంగా రావడానికి కారణం వేరు: నెగటివ్ కావాలనే దృశ్యంలోని తేడాలను కుదించి దాచుకుంటుంది, వాటిని మళ్లీ విప్పడం ప్రింటు కాగితం పని. ఆ కాగితం చేసిన పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేయాలి.

ఉచితంగా దొరికే darktableలో దీనికోసం `negadoctor` అనే మాడ్యూల్ ఉంది. ఒక పెళ్లి రోలు తీసుకుందాం: ఎర్ర పట్టుచీర, మధుపర్కాలు, తలంబ్రాలు, వెనక వీడియో లైటు. ముందు ఫిల్మ్ లేకుండా ప్యానెల్‌ను ఒక ఫోటో తీసి, వైట్ బ్యాలెన్స్ దాన్నుంచి తీసుకుని రోలంతటికీ పెట్టాలి. బొమ్మ కాంట్రాస్ట్‌ను తనంతట తాను మార్చే filmic, sigmoid లాంటి మాడ్యూళ్లను ఆపేయాలి. తర్వాత `D min` పికర్‌తో ఖాళీ నారింజ అంచును ఎంచుకోవాలి, నారింజ పొర లెక్క అక్కడితో తీరుతుంది. తర్వాత అంచులు వదిలేసి బొమ్మ భాగంలో మాత్రమే `D max` తీసుకోవాలి. కాంట్రాస్ట్‌కు `paper grade`. చివరగా నీడల రంగును జుట్టు నలుపు దగ్గర, వెలుగుల రంగును తెల్లటి బట్ట దగ్గర సరిచూడాలి.

తెల్లటి బట్ట అంటే మధుపర్కమే అనిపిస్తుంది. కానీ దాని మీద పసుపు పెట్టి ఉంటే అది తెలుపు కాదు. దాన్ని తెలుపని సాఫ్ట్‌వేర్‌కు చెప్తే, ఉన్న పసుపును తీసేయబోయి ముఖాలకు నీలం పూస్తుంది. ఫ్లాష్ పడిన తెల్ల చొక్కానో, స్టీలు బిందె మెరుపునో ఎంచుకోవడం మేలు. వెనక వీడియో లైటు పడ్డ గోడ పసుపుగానే ఉంటుంది, దాన్ని అలాగే వదిలేయండి. ఆ ఫిల్మ్ పగటి వెలుగుకు తయారైంది, ఆ గోడ ఆ రోజు ఫిల్మ్‌కు అలాగే కనిపించింది.

ఇంకో జాగ్రత్త. ప్రతి ఫ్రేమ్‌కూ ఆటోమేటిక్ రంగు వాడితే ఎర్రచీర ఫ్రేమ్ నిండా ఉన్న క్లోజప్‌లో అది "ఎరుపు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది. చీర కుంకుమరంగు పోయి ఇటుకరంగవుతుంది, ముఖం పచ్చబడుతుంది. అందుకే రోలులో అన్ని రంగులూ ఉన్న ఒక గ్రూప్ ఫోటోను సరిచేసి, అవే సెట్టింగులను మిగతా ఫ్రేములకు కాపీ చేసి, ఆ తర్వాతే ఒక్కోదానికి వెలుగు మాత్రం సర్దాలి.

స్లైడ్‌లకు ఇదంతా అక్కర్లేదు, అందులో బొమ్మ నేరుగానే ఉంటుంది. అక్కడి కష్టం నీడలు. స్లైడ్‌లో దట్టమైన నలుపు వెయ్యో వంతు వెలుగును మాత్రమే వదులుతుంది. కాబట్టి తెలుపులు ఎగిరిపోని అంచుదాకా ఎక్స్‌పోజర్ పెంచి, నీడలను రా ఫైలులో లేపాలి. రంగు వెలిసి ఎర్రబడిన స్లైడ్‌లలో సాధారణంగా సయాన్ డై పోయి ఉంటుంది. రంగులను వేర్వేరుగా సర్దితే ముఖాలు కుదుటపడతాయి, ఆకుపచ్చలు మాత్రం పూర్తిగా తిరిగి రావు.

మన తేమకు పెరిగే బూజు మరో సంగతి. ఫిల్మ్ మీద సాలెగూడులా కనబడితే నీళ్లతో కడగకండి. బూజు పట్టిన ఎమల్షన్ నీటికి కరిగిపోయే స్థితికి వస్తుంది, బొమ్మే చెరిగిపోవచ్చు. మెత్తటి బట్టకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, బేస్ వైపు మాత్రం తేలిగ్గా తుడవొచ్చు. అదీ ముందు పనికిరాని ఫ్రేమ్ మీద చూసుకున్నాకే. ఎమల్షన్‌ను తినేసిన చోట బొమ్మ లేదు, అక్కడ కాపీ చేయడానికీ ఏమీ లేదు. అలాంటి స్ట్రిప్పును ఉన్నదున్నట్టు ఫోటో తీసి, బాగున్న స్ట్రిప్పులకు దూరంగా వేరే కవర్లో పెట్టండి.