హ్యాండోవర్ మాన్యువల్లో కరెంటు ప్యానెళ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: భవనం అప్పగించేటప్పుడు నిర్వహణ సిబ్బందికి ఇచ్చే మాన్యువల్, తయారీదారుల కేటలాగులన్నీ ఫైల్లో పెడితే తయారైనట్టే.

వాస్తవం: కేటలాగు ఆ రకం బ్రేకర్లన్నిటి గురించీ చెబుతుంది, మన ప్యానెల్లో ఉన్నదాని గురించి కాదు. అందుకే నా విషయసూచికలో కేటలాగులు చివరి అనుబంధంలోకి వెళ్తాయి. మొదటి పేజీలో ప్రమాదం జరిగితే ఏ బ్రేకర్ ఆపాలి, అది ఏ గదిలో ఉంది అన్నది ఉంటుంది. ఆ తర్వాత పని పూర్తయ్యాక ఉన్నది ఉన్నట్టు గీసిన సింగిల్ లైన్ డయాగ్రమ్, మెయిన్ నుంచి ఒక్కో భాగానికి కరెంటు తీసుకెళ్లే ఫీడర్ల జాబితా, బ్రేకర్ సెట్టింగులు, టెస్టు రీడింగులు, జనరేటర్‌కు మార్చే వరుస, మెయింటెనెన్స్ షెడ్యూల్, స్పేర్లు.

అపోహ: సెట్టింగులు డిజైన్ లెక్కల్లో ఉన్నాయి కదా, మాన్యువల్లో మళ్ళీ ఎందుకు?

వాస్తవం: డిజైన్లో ఉన్నది ఉండాల్సిన విలువ. బ్రేకర్ డయల్ మీద ఉన్నది వేరే కావచ్చు. నేను చూసిన ఒక భవనంలో మెయిన్ బ్రేకర్ 1,600 ఆంపియర్లది, దాని కింద అంతస్తుకో 400 ఆంపియర్ల ఫీడర్. ఒక అంతస్తులో కేబుల్ షార్టయి దాదాపు 6,000 ఆంపియర్లు పారాయి. 4,000 ఆంపియర్ల దగ్గర తక్షణం ట్రిప్ అయి పడేలా పెట్టిన ఫీడర్ బ్రేకర్ పడింది, సరే. మెయిన్ కూడా పడిపోయి భవనమంతా చీకటైంది. మెయిన్ పడింది కాబట్టి తప్పు మెయిన్ నుంచి ఫీడర్లన్నిటికీ కరెంటు పంచే బస్‌బార్‌లోనే ఉందనుకుని సిబ్బంది సగం రోజు అక్కడే వెతికారు.

డిజైన్ ప్రకారం మెయిన్ 4,800 ఆంపియర్లు దాటితే 0.3 సెకన్లు ఆగి పడాలి. ఫీడర్‌కు సెకనులో కొన్ని వందో వంతులు చాలు, కాబట్టి అదొక్కటే పడి మెయిన్ నిలబడేది. కానీ డయల్ మీద ఆలస్యం సున్నా దగ్గరే ఉంది, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే. హ్యాండోవర్ రోజు ఎవరూ డయల్ చూసి రాసుకోలేదు.

అందుకే మాన్యువల్లోని సెట్టింగుల అధ్యాయంలో ప్రతి బ్రేకర్‌కూ డిజైన్ విలువ, డయల్ మీద వదిలిన విలువ పక్కపక్కనే రాసి, డయల్ ఫొటో, తేదీ జతచేయాలి. రెండూ కలవకపోతే కారణం రాయాలి. అలాగని తేడా కనిపించగానే సిబ్బంది డయల్ తిప్పకూడదు. మెయిన్ ఆగినంతసేపూ బస్‌బార్ ఆ కరెంటును తట్టుకోవాలి. అది డిజైన్ ఇంజనీరు సరిచూడాల్సిన సంగతి.

అపోహ: టెస్టు రిపోర్టులో "ఓకే" అని ఉంటే చాలు.

వాస్తవం: 400 వోల్టుల సర్క్యూట్‌కు ఇన్సులేషన్ నిరోధం 1 మెగోమ్ దాటితే సాధారణంగా పాసే. హ్యాండోవర్‌లో 200 వచ్చిన కేబుల్ మూడేళ్లకు 20కి దిగినా మళ్ళీ "ఓకే" అనే రాస్తారు. పది వంతుల్లో తొమ్మిది పోయిన సంగతి మొదటి అంకె రాసి ఉంటేనే తెలుస్తుంది. తేమ, వేడి ఉన్న రోజు రీడింగు తగ్గుతుంది కాబట్టి ఆనాటి ఉష్ణోగ్రత, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ వోల్టేజీ, చివర లోడు విప్పి తీశారా లేదా అన్నవి కూడా పక్కనే రాయాలి.