ఒకే నివేదిక, ముగ్గురు పాఠకులు: సారాంశాల మీద అపోహలు - వాస్తవాలు

ఆస్పత్రి క్వాలిటీ విభాగంలో పనంటే సగం రాతపనే. అందులో మాకు ఎక్కువ శ్రమ పెట్టేది బయోమెడికల్ వేస్ట్ నివేదిక. 2016 నిబంధనల ప్రకారం 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడకలున్న ఆస్పత్రిలో దీనికో కమిటీ ఉండాలి, ఆరు నెలలకోసారి సమావేశం కావాలి. ఆ సమావేశం కోసం తయారయ్యే నివేదికని డైరెక్టర్, ఆడిటర్ చూడాలి. అందులోని విషయం వార్డుల్లో సంచులు మూతికట్టే హౌస్‌కీపింగ్ వాళ్లకీ అందాలి. అంత పెద్ద నివేదిక మొత్తం చదివే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి సారాంశాలు రాస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. నిబంధనలు ఉన్నవే, ఆస్పత్రి లెక్కలు మాత్రం వివరించడానికి నేను వేసుకున్నవి. 200 పడకల ఆస్పత్రి, 64 పేజీల నివేదిక. అందులో రెండు ముఖ్య విషయాలు తేలాయి. ఒకటి, ఆరు నెలల్లో 5 సార్లు, శరీర భాగాలు, రక్తం అంటిన దూదిలాంటివి వేసే పసుపు సంచులు స్టోర్ గదిలో 48 గంటల గడువు దాటి ఉండిపోయాయి. రెండు, 11 మందికి సూదులు గుచ్చుకున్నాయి. వాళ్లలో 7 మంది హౌస్‌కీపింగ్ సిబ్బంది.

అపోహ: పెద్ద హోదాకి చిన్న సారాంశం, ఆడిటర్‌కి పెద్దది, కింది సిబ్బందికి నాలుగు ముక్కలు.

వాస్తవం: నిడివిని తేల్చేది హోదా కాదు, చదివాక ఆ మనిషి చెయ్యాల్సిన పని. డైరెక్టర్ నిర్ణయం తీసుకోవాలి. అందుకని ఆయన సారాంశం ఎన్ని నిర్ణయాలు అడుగుతుందో అంత పొడవుంటుంది. మన ఉదాహరణలో అడిగేవి రెండే కాబట్టి అరపేజీ చాలు:

"ఆరు నెలల్లో 5 సార్లు పసుపు సంచులు 48 గంటలు దాటి ఉన్నాయి. అయిదూ ఆదివారం, పండగ పక్కపక్క రోజుల్లో వచ్చినప్పుడే, ఆ రెండు రోజులూ వ్యర్థాలు తీసుకెళ్లే ట్రీట్‌మెంట్ ఫెసిలిటీ బండి రాలేదు. వాళ్లతో ఒప్పందంలో సెలవు రోజు బండి కూడా చేర్చడానికి మీ అనుమతి కావాలి. 11 సూదిపోట్లలో 6, సూదులు ఉండకూడని ఎర్ర సంచులు ఎత్తేటప్పుడు జరిగినవే. ప్రతి వార్డులో మంచాల దగ్గరికి తీసుకెళ్లే ట్రాలీ మీద నీడిల్ కట్టర్, సూదులు వేసే తెల్ల డబ్బా పెట్టడానికి ఖర్చు మంజూరు చెయ్యాలి. వార్షిక నివేదిక జూన్ 30 లోపు పొల్యూషన్ బోర్డుకి వెళ్లాలి, ఈ రెండూ ఆలోపే తేలితే మంచిది."

ఇందులో సంచుల రంగుల పట్టిక లేదు, శిక్షణ తరగతుల వివరం లేదు. ఆయన వాటి మీద తేల్చాల్సింది ఏమీ లేదు. అదే శిక్షణకి డబ్బు అడుగుతున్నామనుకోండి, ఆ పేరా రావాల్సిందే, సారాంశం ముప్పావు పేజీకి పెరిగినా తప్పులేదు. అరపేజీ దాటకూడదని పట్టుబట్టి కారణాన్ని కోసేసిన సారాంశాలు చాలా చూశాను. "48 గంటల నిబంధన 5 సార్లు ఉల్లంఘన" అని మాత్రమే రాస్తే, డైరెక్టర్ వార్డు సిస్టర్లకి మెమో ఇస్తారు. తప్పు బండి రాకపోవడంలో ఉంది, సిస్టర్ల దగ్గర లేదు.

అపోహ: ఆడిటర్‌కి అన్నీ వివరంగా, చక్కటి వాక్యాల్లో చెప్పాలి.

వాస్తవం: ఆడిటర్ మన వాక్యాన్ని నమ్మడానికి రాలేదు, అసలు రికార్డు చూడటానికి వచ్చారు. ఆయనకి కావాల్సింది ఆ రికార్డు దాకా దారి. కాబట్టి ఆయన సారాంశంలో ఒక్కో వరసకీ నాలుగు సంగతులుంటే సరిపోతుంది: ఏం తేలింది, నివేదికలో ఏ పేజీ, ఏ రికార్డు ఆధారం, ఏ నిబంధన. ఇలా:

"పసుపు సంచులు 48 గంటలు దాటినవి: 5. పేజీ 23. ఆధారం: స్టోర్ గది రిజిస్టర్, బార్‌కోడ్ స్కాన్ సమయాలు. నిబంధన 8. బోర్డుకి కారణంతో తెలియజేసిన పత్రం ఉన్నవి: 2. పత్రం దొరకనివి: 3."

ఆ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. "తెలియజేయలేదు" అని రాస్తే అది ఒక నిర్ధారణ. "పత్రం దొరకలేదు" అన్నది మనం చూసిన సంగతి. నివేదికలో రెండోది ఉండి సారాంశంలో మొదటిది రాస్తే, ఆడిటర్ ముందు మనమే లేని తేడా సృష్టించినవాళ్లమవుతాం. వినడానికి సొంపుగా ఉంటుందని మాట మార్చడం ఇక్కడ పనికిరాదు. నిబంధన మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. 48 గంటల గడువు శరీర భాగాలు, రక్తం అంటిన దూది, కట్లలాంటి కొన్ని రకాలకి, అదీ శుద్ధి చెయ్యకముందు వర్తించేది. "వ్యర్థాలన్నీ 48 గంటల్లో వెళ్లాలి" అని కుదిస్తే ఎర్ర సంచుల్లోని ప్లాస్టిక్ కూడా లెక్కలోకి వచ్చి, 5 కాస్తా ఇంకేదో అంకె అవుతుంది.

ఈ సారాంశంలో మరొకటి తప్పక ఉండాలి: ఏం చూడలేదో. రాత్రి షిఫ్టులో తనిఖీ జరగకపోతే ఆ మాట రాయాలి. డైరెక్టర్ సారాంశంలో అది ఒక వాక్యం, ఆడిటర్ సారాంశంలో ఒక పూర్తి వరస.

అపోహ: సిబ్బందికి డైరెక్టర్ సారాంశాన్నే సులభమైన తెలుగులో ఇస్తే చాలు.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇది. "సూదిపోట్లలో 6 ఎర్ర సంచులు ఎత్తేటప్పుడు జరిగాయి" అన్న వాక్యాన్ని ఎంత తేలిక చేసినా, సంచి ఎత్తే ఆయాకి రేపు పొద్దున ఏం చెయ్యాలో దాంతో తెలియదు. ఆమెకి కావాల్సిన సంగతి నివేదికలో ఎక్కడో చివరి అనుబంధంలో ఉంటుంది. డైరెక్టర్ సారాంశంలోంచి దిగితే అది దొరకదు, మళ్లీ మూల నివేదికలోకే వెళ్లాలి.

ఒక్క కాగితం, పెద్ద అక్షరాలు, డబ్బాల పైన గోడకి:

"సిరంజీ వాడినవాళ్లే సూదిని కట్టర్‌లో కొయ్యాలి. ఆ తర్వాతే సిరంజీ ఎర్ర సంచిలోకి. సూది విడిగా రాకపోతే సిరంజీతో సహా తెల్ల డబ్బాలోకి. డబ్బా ముప్పావు నిండితే మూసెయ్యండి. సంచిని మెడ దగ్గర పట్టుకోండి, అడుగు నుంచి ఎత్తొద్దు. సూది గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే సిస్టర్‌కి చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు అవసరమైతే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు."

ఆ చివరి గంటల లెక్క డైరెక్టర్‌కి అక్కర్లేదు, ఇక్కడ మాత్రం అదే ప్రాణం. "ఎక్స్‌పోజర్ జరిగిన పక్షంలో నిర్ణీత వ్యవధిలో సంప్రదించవలెను" అని రాసిన కాగితాలు గోడల మీద కనిపిస్తుంటాయి. షిఫ్టు అయ్యాక చెబుదాంలే అని ఆయా ఆగిపోయేది సరిగ్గా అలాంటి వాక్యాల వల్లే. ఎవరు కొయ్యాలో చెప్పకపోవడం కూడా అంతే తప్పు. "సూదులు కొయ్యవలెను" అంటే నర్సు ఆయా కోస్తుందనుకుంటుంది, ఆయా నర్సు కోసే ఉంటుందనుకుంటుంది.

కాగితం అతికించే ముందు ఆ వార్డు ఆయాకే చదవమని ఇచ్చి, చదవడం రాకపోతే చదివి వినిపించి, "సూది ఉన్న సిరంజీ సంచిలో కనబడితే ఏం చేస్తావమ్మా?" అని అడగండి. పై ముసాయిదాని అలా అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ సందర్భం అందులో లేదు. "కనబడితే చెయ్యి పెట్టొద్దు, సిస్టర్‌ని పిలవండి" అన్న వాక్యం చేర్చాకే అది గోడ మీదికి వెళ్లాలి.

అపోహ: మూడూ రాశాక పని అయిపోయింది.

వాస్తవం: ముందు మూడింటిలోని అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. డైరెక్టర్ కాగితంలో 11, ఆడిటర్ కాగితంలో 12 ఉంటే, మొదటిది రాశాక రిజిస్టర్‌లో ఇంకో నమోదు చేరి ఉండొచ్చు. ప్రతి సారాంశం మీదా నివేదిక తేదీ ఉంటే ఇది ఇట్టే తెలుస్తుంది. వాటి ఆయుష్షు కూడా వేరు. డైరెక్టర్ కాగితం నిర్ణయం అయ్యాక ఫైల్లోకి పోతుంది. ఆడిటర్‌ది, అది దారి చూపే రికార్డులు ఉన్నంతకాలం ఉండాలి, నిబంధనల ప్రకారం ఆ రికార్డులు 5 ఏళ్లు దాచాలి. గోడ మీది కాగితాన్ని మాత్రం, ట్రాలీ కట్టర్లు వచ్చిన రోజునే తీసేసి కొత్తది అతికించాలి.