అద్దె ఇంటి ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్లకు ఫొటోలు తీయడం నా పని. చిన్న గదిని పెద్దదిగా ఎలా చూపిస్తారో తెలుసు కాబట్టి, దాన్ని పట్టుకునే దారి కూడా చెబుతాను.

అపోహ: గోడలు, తలుపులు నిటారుగా కనిపిస్తే వైడ్ లెన్స్ వాడనట్టే.

గీతలు వంగడాన్ని ఇప్పుడు ఫోనే సరిచేసేస్తుంది. సాగడం మాత్రం పోదు. ఫోన్‌లో వైడ్ లెన్స్, అంటే 0.5x పెట్టి గది మూలన నిలబడి తీస్తే, ఎదుటి గోడ ఎంతో దూరం జరిగిపోతుంది. ఫొటో అంచున ఉన్న ఫ్రిజ్ బీరువా అంత వెడల్పవుతుంది.

అందుకే కంటిని నమ్మకండి, టైల్స్ లెక్కపెట్టండి. లెన్స్ దేన్నైనా సాగదీస్తుంది గానీ టైల్స్ సంఖ్యను మార్చలేదు. మన ఫ్లాట్లలో నేల మీద ఎక్కువగా ఉండేవి 2x2 అడుగుల టైల్స్. కొత్త వాటిలో 4x2వి కూడా వేస్తున్నారు, కాబట్టి ముందు తలుపుతో సరిచూసుకోండి. బెడ్‌రూమ్ తలుపు సుమారు 3 అడుగులుంటుంది. దాని కింద ఒకటిన్నర టైల్ పడితే ఆ వైపు టైల్ 2 అడుగులే.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రకటనలో బెడ్‌రూమ్ 12x14 అని ఉంది. ఎదుటి గోడ వెంబడి 5 టైల్స్, పక్క గోడ వెంబడి ఐదున్నర. అంటే అసలు గది 10x11. అందులో 6x6.5 మంచం వేస్తే వెడల్పులో మిగిలేది 4 అడుగులు. ఒక పక్కన 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్ ఉంటే, ఇక దాని తలుపు తెరవడానికే తిప్పలు. ఫొటోలో మంచం చుట్టూ బోలెడు చోటు కనిపించిందా? అక్కడ వేసింది 4 అడుగుల మంచం కావచ్చు. రెండు దిండ్లు పక్కపక్కన పట్టాయో లేదో చూడండి. ఇది మా వాళ్ల పాత కిటుకే!

అపోహ: గూగుల్ లెన్స్‌లో దొరకలేదు కాబట్టి ఫొటో దొంగిలించింది కాదు.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ఫొటోలు, తీసేసిన ప్రకటనల్లోవి అక్కడ దొరకకపోవచ్చు. ఫొటోను కుడి ఎడమలు తిప్పేసి పెట్టేవాళ్లూ ఉన్నారు. గోడ మీది క్యాలెండర్ అక్షరాలు తిరగబడ్డాయేమో చూడండి. మీరూ ఒకసారి తిప్పి, ఒక్కో గదిని విడిగా కత్తిరించి వెతకండి. అదే ఫొటో వేరే ఊరి పేరుతో కనిపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు. అదే ఫ్లాట్ పాత ప్రకటనలో దొరికితే మాత్రం మోసం కాకపోవచ్చు. కానీ ఆ రంగులు, ఆ ఫర్నిచర్ ఇప్పుడు ఉన్నాయో లేదో అడగండి.

అపోహ: వీడియో పంపారు, ఇక టెన్షన్ లేదు.

వీడియోనూ ఎత్తుకొస్తారు. లైవ్ కాల్ అడగండి. గేటు దగ్గర మొదలుపెట్టి, కాల్ కట్ చేయకుండా ఫ్లాట్ నంబర్ చూపిస్తూ లోపలికి రమ్మనండి. వంటింట్లో కుళాయి తిప్పమనండి. "నేను ఊళ్లో లేను, ముందు టోకెన్ వేయండి" అంటే అక్కడితో ఆపేయండి. కాల్‌లోనూ 0.5x పెట్టే వీలుండొచ్చు. అందుకే బెడ్‌రూమ్‌లో టేప్ పట్టి చూపించమనండి. టేప్ లేదంటే కెమెరా నేలవైపు తిప్పి, గోడ నుంచి గోడకు టైల్స్ మీద నడవమనండి, మీరు లెక్కపెట్టుకోవచ్చు.