డిస్క్ 100 శాతం బిజీ, వేగం మాత్రం 1 ఎంబీ

హార్డ్ డిస్క్ ఉన్న పాత లాప్‌టాప్ ఆన్ చేశాక డెస్క్‌టాప్ కనిపిస్తుంది కానీ ఏది నొక్కినా కదలదు. ఆ సమయంలో Ctrl + Shift + Esc నొక్కి Task Manager తెరవండి. Performance లో Disk చూస్తే Active time 100% అని ఉంటుంది. అక్కడే Read speed మాత్రం సెకనుకు 1 ఎంబీ, మహా అయితే 2. అదే డిస్క్ నుంచి పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ దాకా వస్తుంది. మరి అంత బిజీగా ఉండి ఇంత తక్కువ పని ఎందుకు చేస్తోంది?

ఎక్కువ సమయం చదవడానికి కాదు, వెతకడానికి పోతోంది. లాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. చదివే హెడ్ సరైన వరుస మీదికి జరగడానికి సుమారు 12 మిల్లీసెకన్లు పడితే, కావాల్సిన చోటు తిరిగి దాని కిందికి వచ్చేదాకా సగటున ఇంకో అర చుట్టు ఆగాలి. మొత్తం 17, 18 మిల్లీసెకన్లు. సినిమా ఫైలు చాలావరకు వరుసగా ఉంటుంది కాబట్టి ఈ వెతుకులాట అరుదు. విండోస్ మొదలయ్యేటప్పుడు కావాల్సినవి మాత్రం వేల చిన్న ముక్కలు, తలా ఒక మూల.

అలాంటివి 5,000 ఉన్నాయనుకుందాం. హార్డ్ డిస్క్‌కి వెతకడానికే దాదాపు నిమిషంన్నర. హార్డ్ డిస్క్ బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏమీ లేదు. ఫ్లాష్ చిప్‌లో ఏ మూల ఉన్నదైనా సుమారు 0.1 మిల్లీసెకనులో అందుతుంది. 5,000 ముక్కలకూ కలిపి అర సెకను.

అందుకే పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి అదే చోట సాటా రకం ఎస్‌ఎస్‌డీ వేస్తే పెద్ద ఫైలు కాపీ వేగం ఐదు రెట్లే పెరిగినా, చిన్న ముక్కలు అందడం వంద రెట్లకు పైగా పెరుగుతుంది. చేతికి తెలిసేది ఈ రెండోదే. ర్యామ్ 4 జీబీనే ఉన్నవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. ర్యామ్ నిండాక విండోస్ కొంత డేటాను డిస్క్ మీదికి నెట్టి, ట్యాబ్ మార్చగానే మళ్లీ తెచ్చుకుంటుంది. హార్డ్ డిస్క్ అయితే అక్కడ హ్యాంగ్ అయినట్టు ఆగుతుంది. కానీ వీడియో ఎడిటింగ్‌లో ప్రాసెసర్ చేసే లెక్కలను గానీ, నెట్ స్పీడును గానీ ఎస్‌ఎస్‌డీ పెంచదు. సాటా నుంచి ఇంకా వేగంగా ఉండే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీకి మారితే అంకెలు భారీగా పెరుగుతాయి గానీ, రోజువారీ వాడకంలో మొదటి మార్పు అంత తేడా కనిపించదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. హార్డ్ డిస్క్‌లో డిలీట్ చేసిన ఫొటో, దాని మీద వేరేది రాసేదాకా అక్కడే ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తరచూ దొరుకుతుంది. ఎస్‌ఎస్‌డీలో అయితే ఫైలు తీసేయగానే ఆ చోటు ఇక అక్కర్లేదని ట్రిమ్ అనే ఆదేశంతో విండోస్ చెప్పేస్తుంది, డ్రైవ్ దాన్ని తుడిచేసుకుంటుంది. పాడయ్యేటప్పుడూ అంతే. చాలా హార్డ్ డిస్క్‌లు ముందు టిక్ టిక్ మని చప్పుడు చేస్తాయి, ఎస్‌ఎస్‌డీ మాత్రం నిన్నటిదాకా బాగా నడిచి ఇవాళ అసలు కనిపించకుండా పోవచ్చు. ఎస్‌ఎస్‌డీ వేయించాక తీసిన పాత హార్డ్ డిస్క్ ఇంకా బాగుంటే, దాన్ని ఓ యూఎస్‌బీ కేసులో పెట్టి ఫొటోల బ్యాకప్‌కి వాడుకోండి. వరుసగా రాసే ఆ పనికి దాని వేగం చాలు.